మూడు రోజుల పథ్యానికి లొంగని నంబర్

పోయిన నెల మా రూమ్‌లో ఉండే తమ్ముడు ల్యాబ్ రిపోర్ట్ పట్టుకొని నా దగ్గరికొచ్చాడు. టెస్టుకు ముందు మూడు రోజులు అన్నం, తీపి చాయ్ మానేశాడు. పరగడుపు షుగర్ 118 వచ్చింది. "ఇగ గోలీలు ఆపేయొచ్చు కదన్నా?" అన్నాడు. కింద ఇంకో లైన్ చూపించాను: HbA1c 8.2%.

దీన్నే గ్లైకేటెడ్ హిమోగ్లోబిన్ అంటారు. రక్తంలోని చక్కెర ఎర్రకణాల్లో ఉండే హిమోగ్లోబిన్‌కు అతుక్కుంటుంది. ఆ కణం చచ్చేదాకా వదలదు. ఎర్రకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది కాబట్టి, ఈ నంబర్ గడిచిన రెండు మూడు నెలల సగటు చెప్తుంది. తమ్ముడి 8.2 అంటే సగటు షుగర్ సుమారు 189. ఆ పొద్దుటి 118 మూడు రోజుల పథ్యం చూపించిన అంకె.

5.7 కంటే తక్కువైతే మామూలు. 5.7 నుంచి 6.4 దాకా షుగర్‌కు ముందు దశ. 6.5, ఆపైన వస్తే షుగర్ జబ్బు; లక్షణాలేవీ లేకపోతే ఇంకోసారి టెస్టు చేసి ఖాయం చేస్తారు. ఇప్పటికే షుగర్ ఉన్న చాలామందిని 7 లోపు ఉంచుకోమంటారు. కొన్ని ల్యాబ్‌లు mmol/mol కొలతలో ఇస్తాయి. అందులో 48 అంటే మన 6.5 శాతమే, భయపడొద్దు.

ఈ నంబర్ కూడా ఒక్కోసారి తప్పుతుంది. ఐరన్ తక్కువై రక్తహీనత ఉంటే ఎక్కువ చూపించొచ్చు. ఈమధ్య రక్తం బాగా పోయినా, ఎక్కించుకున్నా, సికిల్ సెల్ ఉన్నా నమ్మలేం. అవి డాక్టర్‌కు ముందే చెప్పాలి.

తమ్ముడు గోలీలు ఆపలేదు. డాక్టర్ డోసు మార్చి, మూడు నెలలకు మళ్లీ రమ్మన్నారు. అంతకుముందే చేయిస్తే పాత కణాలే ఎక్కువుండి, మార్పు పూర్తిగా కనపడదు.