ఇంట్లో రాసిన కోడ్ మీదా? కంపెనీదా? ఆఫర్ లెటర్‌లో ఈ క్లాజ్ చూశారా?

పగలంతా ఆఫీస్ పని. రాత్రి ఇంటికొచ్చాక సొంత యాప్. ఐటీ ఉద్యోగుల్లో ఇలా చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. యాప్ ఆడకపోతే ఎవరూ పట్టించుకోరు. డబ్బులు రావడం మొదలైతే మాత్రం 'అది మాదే' అంటూ కంపెనీ నుంచి నోటీసు రావచ్చు. మరి చట్టం ఎవరి వైపు ఉంది?

ముందుగా ఓ విషయం. మన చట్టంలో సాఫ్ట్‌వేర్ కోడ్‌కు ఓ రూల్, కొత్త ఆవిష్కరణకు ఇంకో రూల్ ఉన్నాయి.

కోడ్ సంగతేంటి?

1957 కాపీరైట్ చట్టం ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా ఓ సాహిత్య రచన కిందికే వస్తుంది. సెక్షన్ 17 ఏం చెబుతుందంటే, ఉద్యోగంలో భాగంగా రాసిన దానికి మొదటి హక్కుదారు యజమానే. వేరే ఒప్పందం ఉంటే తప్ప ఇదే వర్తిస్తుంది. అంటే ఆఫర్ లెటర్‌లో ఒక్క ముక్క రాయకపోయినా ఆఫీస్ పని కోసం రాసిన కోడ్ కంపెనీదే.

ఇక్కడ కీలకం 'ఉద్యోగంలో భాగంగా' అన్న మాట. ఫ్రీలాన్సర్ ఉద్యోగి కాదు. కాబట్టి డబ్బులు తీసుకుని కోడ్ రాసిచ్చినా కాపీరైట్ ఆయన దగ్గరే ఉంటుంది. కంపెనీకి హక్కు కావాలంటే రాతపూర్వకంగా, సంతకంతో బదిలీ చేయించుకోవాలి. ఆ పత్రంలో గడువు రాయకపోతే హక్కు ఐదేళ్లే ఉంటుంది. ప్రాంతం రాయకపోతే ఇండియాకే పరిమితం.

పేటెంట్ అయితే రివర్స్!

1970 పేటెంట్ చట్టంలో 'ఉద్యోగి కనిపెట్టింది యజమానిది' అనే సెక్షనే లేదు. దరఖాస్తు చేసే హక్కు మొదట కనిపెట్టిన వ్యక్తిదే. కంపెనీ పేరు మీద పేటెంట్ రావాలంటే ఆ ఉద్యోగి హక్కును రాసివ్వాలి. అందుకే చేరిన రోజే కంపెనీలు అసైన్‌మెంట్ క్లాజ్ మీద సంతకం పెట్టిస్తాయి. అలా రాసిచ్చినా, కనిపెట్టిన వ్యక్తిగా పేటెంట్‌లో మీ పేరు వేయించుకునే హక్కు మీకుంటుంది.

ఓ ఉదాహరణ చూద్దాం

హైదరాబాద్‌లో బ్యాంకులకు లోన్ సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీ ఉందనుకుందాం. అందులో పనిచేసే ఓ డెవలపర్ వీకెండ్స్‌లో సొంత ల్యాప్‌టాప్ మీద పెళ్లి ఫొటోలు సర్దే యాప్ చేశాడు. అది కంపెనీ వ్యాపారం కాదు, అతనికి అప్పగించిన పనీ కాదు. సెక్షన్ 17 కింద కంపెనీ వాదన నిలబడటం కష్టం.

అదే వ్యక్తి లోన్ అర్హత లెక్కగట్టే యాప్ చేస్తే సీన్ మారిపోతుంది. ఆదివారం చేశాను, ఇంట్లో చేశాను అన్నంత మాత్రాన సరిపోదు. అది తన డ్యూటీకి సంబంధించిన పనేనా, ఆఫీస్ కోడ్, డేటా వాడాడా అన్నది చూస్తారు. ఆఫీస్ ల్యాప్‌టాప్ వాడినంత మాత్రాన యాప్ కంపెనీది అయిపోదు. కానీ అది కంపెనీ చేతికి బలమైన సాక్ష్యం.

ఇప్పుడు క్లాజ్ చూడండి. 'ఉద్యోగ కాలంలో, కంపెనీ వ్యాపారానికి సంబంధించి చేసినవన్నీ' అని ఉంటే పెళ్లి ఫొటోల యాప్ బయటే ఉంటుంది. 'ఎప్పుడు, ఎక్కడ, ఏం చేసినా అన్నీ' అని ఉండి మీరు సంతకం పెడితే చిక్కే. ఎదిరించవచ్చు గానీ కోర్టు మెట్లెక్కాల్సి వస్తుంది.

మరి రిజైన్ చేశాక చేసినవి కూడా మాకే అని రాస్తే? ఉపాధిని అడ్డుకునే ఒప్పందాలు చెల్లవని కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27 చెబుతోంది. ఆ గ్రౌండ్ మీద దాన్ని సవాలు చేయవచ్చు. అయితే పాత కంపెనీ కోడ్, రహస్య సమాచారం వాడితే మాత్రం ఆ రక్షణ ఉండదు.

అమెరికాలోని మనవాళ్లకు..

కాలిఫోర్నియాలో లేబర్ కోడ్ సెక్షన్ 2870 ఉంది. పూర్తిగా సొంత టైమ్‌లో, కంపెనీ పరికరాలు, రహస్య సమాచారం వాడకుండా చేసినదాన్ని రాసిమ్మని యజమాని బలవంతం చేయలేడు. కంపెనీ వ్యాపారానికి సంబంధించినదైతే, ఆఫీస్ పనిలోంచి పుట్టిందైతే ఈ మినహాయింపు రాదు.

ఏం చేయాలి?

చేరేముందే మీ దగ్గరున్న పాత ప్రాజెక్టుల లిస్ట్ ఒప్పందానికి జత చేయించండి. కొత్తది మొదలుపెట్టేముందు హెచ్ఆర్ నుంచి అభ్యంతరం లేదని మెయిల్ తీసుకోండి. గిట్‌లో ఆఫీస్ మెయిల్ ఐడీతో కమిట్ చేయకండి, రేపు అదే మీకు ఎదురు తిరుగుతుంది. కమిట్ తేదీని ఎవరైనా మార్చుకోవచ్చు. అందుకే కోడ్‌ను ఎప్పటికప్పుడు సొంత అకౌంట్‌తో బయటి సర్వర్‌కు పుష్ చేస్తే, అక్కడ పడే తేదీ సాక్ష్యంగా పనికొస్తుంది.