ఆ ఇరవై షాఫ్టులు ఎక్కడ?

బాలానగర్‌లో ఒక చిన్న యూనిట్ ఉందనుకుందాం. అది 500 షాఫ్టులను చలాన్ రాసి ప్లేటింగ్‌కు పంపింది. ముందు 300, తర్వాత 180 తిరిగొచ్చాయి. మిగతా 20 పాడయ్యాయా, అక్కడే ఉన్నాయా? పంపిన చలాన్ ఒక ఫైల్లో, వచ్చిన సరుకు లెక్క గేటు రిజిస్టర్‌లో ఉంటాయి. రెంటినీ కలిపి చూసేవారు లేరు. జీఎస్టీ ప్రకారం జాబ్‌వర్క్‌కు పంపిన ముడిసరుకు ఏడాదిలోగా తిరిగి రాకపోతే, పంపిన రోజే అమ్మినట్టు లెక్క. పన్నుకు వడ్డీ కూడా తోడవుతుంది.

నా దృష్టిలో ఇక్కడ కావలసింది పెద్ద ఈఆర్‌పీ కాదు. చలాన్‌వారీగా బాకీ చూపిస్తూ, పదో నెలలో హెచ్చరించే చిన్న యాప్ చాలు. పాడైనవాటికి విడిగా ఒక గడి ఉండాలి, లేకపోతే బాకీ ఎప్పటికీ తీరదు. అయితే సరుకు దిగినప్పుడే గేటు దగ్గర చలాన్ నంబరు నమోదు చేయకపోతే ఆ యాప్ కూడా తప్పే చూపిస్తుంది.