ముగ్గురు దిద్దిన ప్రతి ఒక్కటయ్యేదెలా?

పసిపిల్లల విరేచనాల గురించి తల్లుల కోసం పన్నెండు పేజీల చిన్న పుస్తకం ఒకటి తయారవుతోందనుకుందాం. ప్రెస్సుకు వెళ్లేలోపు దాన్ని ముగ్గురు చూడాలి. పిల్లల డాక్టరు వైద్య విషయాలు చూస్తారు. ఊళ్లు తిరిగే ఏఎన్‌ఎం ఇది తల్లులకు అర్థమవుతుందో లేదో చెబుతారు. భాష తెలిసిన ఎడిటర్ వాక్యాలు సరిచేస్తారు. పన్నెండు పేజీలే కదా, వారంలో తేలిపోతుందనిపిస్తుంది. నెల తిరిగేసరికి రచయిత కంప్యూటర్‌లో ఒకే పుస్తకానికి ఏడెనిమిది ఫైళ్లు పోగవుతాయి. డాక్టరు సరిచేసిన మోతాదు ఒకదాంట్లో ఉంటుంది, ఎడిటర్ చక్కబెట్టిన పేరా ఇంకోదాంట్లో ఉంటుంది. ఏఎన్‌ఎం ఫోన్‌లో చెప్పిన మాట ఎందులోనూ ఉండదు.

ముగ్గురూ తమ పని బాగానే చేశారు. ఎవరి సూచన మీద ఏం తేల్చారు, ఎందుకు తేల్చారు అన్నదే ఎక్కడా రాసి లేదు. ఈ చిక్కు రాకుండా పని నడిపే పద్ధతి ఒకటి ఉంది. పెద్ద ఖర్చు లేనిదే, కానీ మొదటి రోజు నుంచీ పాటించాలి.

ఎవరు ముందు, ఎవరు వెనక

అందరికీ ఒకేసారి పంపి అన్నీ చూడమంటే శ్రమ వృథా అవుతుంది. ఎడిటర్ గంటసేపు దిద్దిన పేరాను డాక్టరు అసలే వద్దని కొట్టేయవచ్చు. అందుకని మొదటి విడతలో విషయం మాత్రమే చూడాలి. అది డాక్టరు, ఏఎన్‌ఎంల పని. వాళ్ల సూచనలన్నీ తేలాక రెండో విడతలో భాష. మూడో విడత పేజీలు కట్టాక వచ్చే ప్రూఫు. అందులో అక్షరదోషాలు, పేజీ నంబర్లు, బొమ్మల కింది మాటలు తప్ప ఇంకేమీ ముట్టుకోకూడదు. ఏ విడతలో ఏం చూడాలో, ఏ తేదీలోగా తిరిగి పంపాలో ఫైలుతో పాటే రాసి పంపాలి. ప్రూఫు దశలో కొత్త పేరా చేర్చమని ఎవరైనా అడిగితే దాన్ని రెండో ముద్రణకు రాసిపెట్టుకోవచ్చు. వైద్యపరమైన తప్పు బయటపడితే మాత్రం ఏ దశలోనైనా ఆగి సరిచేయాల్సిందే.

ఒకే ప్రతి మీద అందరూ పనిచేయాలా, ఎవరి ప్రతి వాళ్లకివ్వాలా అన్నది తర్వాతి ప్రశ్న. గూగుల్ డాక్స్‌లో ఒకే ప్రతిని పంచుకుంటే ఫైళ్లు పెరగవు. అందరికీ Commenter అనుమతి మాత్రమే ఇస్తే ఎవరూ అసలు పాఠాన్ని నేరుగా మార్చలేరు, వాళ్లు చేసే ప్రతి మార్పూ సూచనగానే నిలుస్తుంది. దీంట్లో ఒక ఇబ్బంది ఉంది. డాక్టరు రాసిన మాట కనబడ్డాక ఏఎన్‌ఎం దానికి ఎదురు చెప్పడానికి జంకవచ్చు. ఆమె అభిప్రాయం స్వేచ్ఛగా రావాలంటే మొదటి విడతలో వర్డ్ ఫైలు ఎవరిది వాళ్లకు పంపడం మేలు. తిరిగొచ్చిన ప్రతుల్ని వర్డ్‌లోని Review పట్టీలో Compare కింద ఉండే Combine ఒక్కటిగా కలుపుతుంది. ఒకసారికి రెండేసి ఫైళ్లనే కలుపుతుంది కాబట్టి, మూడోది ఉంటే వచ్చిన ఫలితంతో మళ్లీ కలపాలి.

దిద్దిన గుర్తు కనబడాలి

వర్డ్‌లో Track Changes నొక్కితే, లేదా Ctrl+Shift+E కొడితే, అప్పటినుంచి తీసేసిన మాట కొట్టివేతగా, చేర్చిన మాట రంగులో, ఎవరు ఎప్పుడు చేశారన్న వివరంతో నిలుస్తుంది. దిద్దేవాళ్లు దాన్ని ఆపేయకుండా Lock Tracking అనే తాళం కూడా ఉంది. డీటీపీ సెంటర్‌లోనో ఆఫీసులోనో ఉమ్మడి కంప్యూటర్ మీద దిద్దితే ముగ్గురి మార్పులూ ఒకే పేరు కింద పడతాయి. File, Options, General వరుసలో User name మార్చుకోమని ముందే చెప్పాలి.

ఎవరైనా గుర్తులు లేకుండా దిద్ది పంపితే కంగారు అక్కర్లేదు. మనం పంపిన ప్రతి చెక్కుచెదరకుండా మన దగ్గరుంటే, Compare ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి తేడాలన్నీ చూపిస్తుంది. తెలుగు ఫైళ్లలో దీనికొక పరిమితి ఉంది. అను ఫాంట్లలో టైపు చేసిన పాఠానికీ యూనికోడ్ పాఠానికీ లోపల ఉండే సంకేతాలే వేరు. ఒకటి అనులో, ఇంకొకటి యూనికోడ్‌లో ఉంటే కంప్యూటర్‌కు పుస్తకమంతా మారినట్టే కనిపిస్తుంది. కాబట్టి విషయం, భాష విడతలు రెండూ యూనికోడ్‌లోనే ముగించి, పేజీలు కట్టేటప్పుడే అనులోకి మార్చాలి. మార్చాక ఒత్తులు, అంకెలు మరోసారి కంటితో చదవాల్సిందే.

గుర్తులు కనబడకుండా చేయడం, గుర్తులు తీసేయడం ఒకటి కాదని చాలామందికి తెలియదు. No Markup ఎంచుకుంటే పేజీ శుభ్రంగా కనిపిస్తుంది, మార్పులన్నీ మాత్రం ఫైలు లోపలే ఉంటాయి. 2005 అక్టోబరులో ఐక్యరాజ్యసమితికి ఇదే జరిగింది. లెబనాన్ మాజీ ప్రధాని రఫీక్ హరీరీ హత్యపై డెట్లెవ్ మెహ్లిస్ ఇచ్చిన దర్యాప్తు నివేదిక వర్డ్ ఫైలుగా విలేకరుల చేతికి వెళ్లింది. అందులో కొట్టేసిన సిరియా ప్రముఖుల పేర్లు, కొట్టేసిన సమయంతో సహా బయటపడ్డాయి. ఆ పేర్లు ఎవరి ఒత్తిడితో తీశారన్న ప్రశ్నకు మెహ్లిస్ విలేకరుల ముందు సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. బయటికి పంపే ప్రతిలో ప్రతి మార్పునూ Accept లేదా Reject చేసి, వ్యాఖ్యలు తొలగించి, చివర Inspect Document నడపాలని ఈ ఉదంతం చెబుతుంది.

పేరులోనే చరిత్ర

ఫైలు పేరులో ‘ఫైనల్’ అన్న మాట వాడకపోతే సగం గందరగోళం తగ్గుతుంది. పుస్తకం పేరు, విడత సంఖ్య, తేదీ, ఎవరి దగ్గర్నుంచి వచ్చిందన్నది చాలు.

```
ORS_v1_2025-03-04_pampinadi.docx
ORS_v1_2025-03-11_doctor.docx
ORS_v1_2025-03-12_anm.docx
ORS_v2_2025-03-18_pampinadi.docx
```

సంవత్సరం ముందు, నెల తర్వాత, తేదీ చివర రాస్తే ఫైళ్లు వాటంతటవే కాలక్రమంలో నిలబడతాయి. పంపిన ప్రతినీ వచ్చిన ప్రతినీ మళ్లీ తెరిచి దిద్దకూడదు. వాటి నకలు తీసుకుని, దానికి v2 అని పేరు పెట్టి, అందులోనే పనిచేయాలి. ఆ v2ను ముట్టుకునే హక్కు ఒక్కరికే ఉండాలి. గూగుల్ డాక్స్‌లో అయితే విడత ముగిసిన ప్రతిసారీ Version history లోకి వెళ్లి ఆ స్థితికి పేరు పెడితే, ఎప్పుడు కావాలన్నా వెనక్కి వెళ్లి చూడవచ్చు.

ఇద్దరూ ఎదురెదురైతే

అసలు కష్టమంతా ఇక్కడే. మన పుస్తకంలో ‘ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను ఒక లీటరు నీళ్లలో కలపాలి’ అన్న వాక్యం ఉంది. ‘లీటరు అనే మాట మార్చవద్దు’ అని డాక్టరు రాశారు. ‘లీటరు కొలిచే గిన్నె ఇళ్లలో ఉండదు, ఐదు గ్లాసులని రాయండి’ అని ఏఎన్‌ఎం రాశారు. Accept, Reject బటన్లు ఒకరిని గెలిపించి ఇంకొకర్ని ఓడిస్తాయి. ఈ రెండు సూచనల వెనక ఉన్న భయాలేమిటో ముందు అడగాలి. గ్లాసులు ఇంటికో సైజులో ఉంటాయి. నీళ్లు తక్కువైతే ద్రావణంలో ఉప్పు ఎక్కువై బిడ్డకు ప్రమాదం, నీళ్లు ఎక్కువైతే మందు పలచబడి ఫలితం ఉండదు. డాక్టరు భయం అది. కొలత తెలియక తల్లి అసలు కలపడమే మానేస్తుందని ఏఎన్‌ఎం భయం. రెంటికీ సరిపడే కొలత ప్రతి ఊళ్లోనూ దొరుకుతుంది, అది లీటరు మంచినీళ్ల సీసా. ‘లీటరు సీసా నిండా మంచినీళ్లు’ అని రాస్తే ఇద్దరి మాటా నిలబడుతుంది.

ఈ చర్చలోనే మూడో సంగతి బయటపడింది. 200 మిల్లీలీటర్లకు సరిపడే చిన్న ప్యాకెట్లు కూడా మందుల షాపుల్లో అమ్ముతారు. దాన్ని లీటరు నీళ్లలో కలిపితే బొత్తిగా పలచనైపోతుంది. కాబట్టి ‘ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని రాసుందో చూడండి’ అన్న వాక్యం చేరింది. ఒకరి సూచనను కళ్లు మూసుకుని కొట్టేసి ఉంటే ఇది ఎవరికీ తట్టేది కాదు.

రెండో తగాదా జింకు మాత్రల మీద. డాక్టరు ‘10 నుంచి 14 రోజులు’ అన్నారు, ఏఎన్‌ఎం ‘14 రోజులు’ అన్నారు. హోదా చూస్తే డాక్టరు మాటే నెగ్గాలి. ఆధారాలు చూస్తే ఇద్దరిదీ ఒప్పే. మొదటిది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు, రెండోది మన దేశంలో ప్రభుత్వ కార్యక్రమం అనుసరించే లెక్క. పుస్తకం అందుకునే తల్లికి ఆశా కార్యకర్త చెప్పేది 14 రోజులే. పుస్తకం ఒకటి, ఆశా మరొకటి చెబితే తల్లి రెండూ నమ్మదు. అందుకని 14 ఖాయం చేసి, కారణం డాక్టరుకు తెలిపి, ఆయన ఒప్పుకోలు రాతలో తీసుకున్నారు. వాస్తవం మీద తగాదా వస్తే ఆధారం తీర్పు చెప్పాలి. ‘ప్యాకెట్’ అనాలా ‘పొట్లం’ అనాలా వంటి అభిరుచి తగాదాల్లో రచయితే తేల్చి, పుస్తకమంతా ఒకేలా ఉంచాలి. రెండు దార్లూ మూసుకుపోతే పుస్తకానికి బాధ్యత వహించే ఒక్కరు నిర్ణయించాలి. ఆ ఒక్కరెవరో మొదటి విడతకు ముందే అందరికీ తెలియాలి.

ఇవన్నీ ఒక పట్టికలో పడాలి. వరుస సంఖ్య, పేజీ, సూచన ఎవరిది, వాళ్ల మాటల్లోనే ఆ సూచన, నిర్ణయం, కారణం అని ఆరు నిలువు వరసలు సరిపోతాయి. ఫోన్‌లో, వాట్సాప్‌లో వచ్చిన మాటలకూ ఇందులో చోటుండాలి. వాతావరణ మార్పులపై పనిచేసే ఐపీసీసీ ఇలాంటి పద్ధతితోనే నడుస్తుంది. 2021లో వెలువడిన దాని భౌతికశాస్త్ర నివేదికకు 234 మంది రచయితలు పనిచేశారు, సమీక్షకుల నుంచి 78,007 వ్యాఖ్యలు వచ్చాయి. వాటికి సమాధానాలు అందుతున్నాయో లేదో చూడటానికే సమీక్షా సంపాదకులు ఉంటారు. ఆ వ్యాఖ్యలనూ సమాధానాలనూ తర్వాత బహిరంగంగా ఉంచుతారు.

విడత ముగిసిందని ఎలా తెలుస్తుంది

పట్టికలో ‘నిర్ణయం’ గడి ఒక్కటి ఖాళీగా ఉన్నా విడత ముగియనట్టే. అన్నీ నిండాక ఆ పట్టికను సూచనలిచ్చిన వాళ్లకు పంపాలి. తమ సూచన ఎందుకు ఆగిందో తెలిస్తే, తర్వాతి విడతలో అదే మాట మళ్లీ రాయరు. చివరగా మొదటి v1నూ ప్రెస్సుకు వెళ్లే ప్రతినీ Compare చేసి, మారిన ప్రతి అంకెకూ పట్టికలో ఒక వరుస ఉందో లేదో చూడాలి. పట్టికలో లేని అంకె మారిందంటే అది ఎవరూ నిర్ణయించకుండా జరిగిన మార్పు.

మీ చేతిలో ఇప్పుడు సంఘం సావనీరో, థీసిస్ అధ్యాయమో, ఆఫీసు నివేదికో ఉంటే, మొదటి ప్రతి పంపే ముందే ఆ ఆరు వరసల పట్టిక గీసుకోండి, ఆఖరి మాట ఎవరిదో అందులో పైనే రాయండి.