విజిల్ ఆగి ఆగి ఎందుకు వస్తుంది?

కుక్కర్ విజిల్‌ను చేతిలోకి తీసుకుంటే, ఇంత చిన్న వస్తువుకు అంత బరువెందుకా అనిపిస్తుంది. ఆ బరువు లెక్క ప్రకారం పెట్టిందే. విజిల్ కూర్చునే గొట్టం రంధ్రం 3 మిల్లీమీటర్ల వెడల్పు ఉందనుకుందాం. దాని వైశాల్యం సుమారు 0.07 చదరపు సెంటీమీటర్లు. లోపలి ఆవిరి, బయటి గాలి పీడనం కంటే చదరపు సెంటీమీటరుకు ఒక కిలో బరువంత ఎక్కువగా తోస్తే, ఈ రంధ్రం దగ్గర విజిల్ మీద పడే తోపు 70 గ్రాముల బరువుతో సమానం. విజిల్ కూడా 70 గ్రాములుంటే సరిగ్గా అక్కడే పైకి లేస్తుంది. మన ఇళ్లలో కుక్కర్లు దాదాపు ఈ పీడనం దగ్గరే పనిచేస్తాయి. అప్పుడు లోపలి నీళ్లు 100 డిగ్రీల దగ్గర కాక 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి. కందిపప్పు త్వరగా ఉడికేది ఈ అదనపు వేడి వల్లే.

విజిల్ లేస్తే ఆవిరి బయటికి పోతుంది, పీడనం తగ్గుతుంది, విజిల్ మళ్లీ కూర్చుంటుంది. కింద మంట ఉంది కాబట్టి పీడనం మళ్లీ పెరుగుతుంది. జరిగిన ఫలితాన్ని గమనించి, ఉండాల్సినదానితో పోల్చి, తేడా తగ్గేలా పనిచేయడాన్నే ఫీడ్‌బ్యాక్ అంటారు. పెరిగినదాన్ని తగ్గించే వైపు పనిచేస్తుంది కనుక ఇది నెగెటివ్ ఫీడ్‌బ్యాక్. కొలవడం, పోల్చడం, దిద్దడం అనే మూడు పనులనూ ఒక్క లోహపు ముక్క కరెంటు లేకుండానే చేసేస్తోంది.

అయితే విజిల్ మంట జోలికి పోదు. స్టవ్ పెద్దది చేస్తే ఆవిరి ఎక్కువగా పుడుతుంది, విజిల్ దాన్ని ఎక్కువగా వదిలేస్తుంది, లోపలి వేడి మాత్రం ఇంచుమించు 120 దగ్గరే ఉంటుంది. అంటే పప్పు ముందుగా ఉడకదు, గ్యాస్ దండగ. మొదటి విజిల్ రాగానే సిమ్‌లో పెట్టమనేది ఇందుకే. ‘మూడు విజిళ్లు’ అనే కొలతను పక్కింటి కుక్కర్‌కు అలాగే వాడలేకపోవడానికీ కారణం ఇదే: విజిళ్ల లెక్క ఉడికిన సమయాన్ని కాదు, ఆవిరి ఎంత వేగంగా పుడుతోందో చెబుతుంది.

పీడనం సరిపోయాక ఆవిరి సన్నగా కారుతూ ఉండొచ్చు కదా, కూతపెట్టి ఆగడం దేనికి? విజిల్ కూర్చున్నప్పుడు ఆవిరి తోసేది ఆ చిన్న రంధ్రమంత మేరనే. ఒకసారి లేచాక ఆవిరి విజిల్ అడుగంతా పరుచుకుని ఎక్కువ వైశాల్యాన్ని తోస్తుంది. అందుకే లేపిన పీడనం కంటే కాస్త తక్కువకు దిగితేగానీ అది కూర్చోదు. లేచే గీత ఒకటి, కూర్చునే గీత ఇంకొకటి.

ఇలాంటి రెండు గీతలే గదిలోని ఏసీ థర్మోస్టాట్‌లోనూ ఉంటాయి, కాకపోతే అక్కడ కావాలని పెడతారు. ఇన్వర్టర్ లేని మామూలు ఏసీని 24 దగ్గర పెట్టామనుకోండి. గది గాలిని ఏసీ లోపలికి లాక్కునే చోట ఒక సెన్సర్ ఉంటుంది. అది 25 చూపితే కంప్రెసర్ మొదలై, 23 చూపితే ఆగుతుందనుకుందాం. సరిగ్గా 24 దగ్గరే రెండూ జరగాలంటే కంప్రెసర్ క్షణక్షణం ఆగి తిరగాలి. ఆగిన కంప్రెసర్‌కు రెండు వైపులా గ్యాస్ పీడనం సర్దుకోకముందే మళ్లీ తిప్పితే మోటారు మీద భారం పడుతుంది. అందుకే సాధారణంగా మూడు నిమిషాలు ఆగేలా ఏర్పాటు చేస్తారు.

ఎండలోంచి వచ్చి రిమోట్‌ను 18కి దించేవాళ్లు చాలామంది. ఈ రకం ఏసీలో దాంతో చల్లదనం త్వరగా రాదు. కంప్రెసర్ తిరిగితే పూర్తిగా తిరుగుతుంది, లేకపోతే ఆగి ఉంటుంది. 18 పెడితే అది ఆగాల్సిన చోటు దూరం జరుగుతుంది, అంతే.

గది ఎందుకు వేడెక్కిందో థర్మోస్టాట్‌కు తెలియక్కర్లేదు. చుట్టాలొచ్చినా, కిటికీ తెరిచినా దానికి ఒకటే. దాని బలం అదే. బలహీనత ఏమిటంటే, అది కొలిచిందే దానికి తెలుస్తుంది. చల్లగాలి తెరకు తగిలి వెనక్కి తిరిగి సెన్సర్ మీద పడితే, మంచం దగ్గర ఉక్కగా ఉన్నా కంప్రెసర్ ఆగిపోతుంది.

కుక్కర్‌లో ఈ లోపం ప్రమాదకరం. విజిల్ వేడిని కొలవదు, పీడనాన్ని కొలుస్తుంది. లోపల నీళ్లున్నంతవరకు పీడనాన్ని బట్టి వేడి అదుపులో ఉంటుంది. నీళ్లు ఇంకిపోతే కొత్తగా ఆవిరి పుట్టదు, విజిల్ మౌనంగా కూర్చుంటుంది, అడుగు మాత్రం మాడిపోతూ ఉంటుంది. ఇంకో ప్రమాదం, పప్పు నురగ గొట్టంలో అడ్డుపడటం. అప్పుడు పీడనం పెరుగుతున్నా విజిల్‌కు కబురందదు. చాలా కుక్కర్ల మూతకు ఉండే సేఫ్టీ వాల్వ్ ఈ రెండు సందర్భాల కోసమే. వేడి హద్దు దాటితే అందులోని లోహం కరిగి ఆవిరికి దారిస్తుంది. ఒకసారి కరిగితే దాన్ని మళ్లీ వాడటానికి లేదు, కొత్తది వేయించాల్సిందే. గొట్టం సంగతి మాత్రం మూత పెట్టేముందు వెలుతురుకెత్తి చూస్తే తెలిసిపోతుంది.