ఆదివారం ఎనిమిదిన్నరకు అష్టాచెమ్మా

డల్లాస్‌లో ఉన్న మా పెదనాన్నగారి అమ్మాయికి ఈమధ్య రాసిన ఉత్తరం ఇది. మూడు దేశాల్లో ఉన్న అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ వారానికోసారి ఆటకు కూర్చోవాలంటే ముందుగా ఏం తేల్చుకోవాలో ఇందులో ఉంది. అలాంటి ఇళ్లు మనలో చాలా ఉన్నాయి కదా, అందుకే అందరికీ చూపిస్తున్నాను.

అక్కా,

పోయినసారి తప్పు నాదే. "శనివారం రాత్రి 9" అని రాశానే కానీ ఎవరి శనివారమో రాయలేదు. నేనూ నాయనమ్మా తెనాలిలో శనివారం రాత్రి ఫోన్ ముందు కూర్చున్నాం. అప్పటికి నీకింకా పొద్దున్నే, కూరగాయలకు బయల్దేరావు. నువ్వు రాత్రి 9కి కాల్ చేసేసరికి ఇక్కడ ఆదివారం తెల్లవారి, నేను బజారులో ఉన్నాను. అందుకని ఈసారి ఒక్క గడియారాన్నే పట్టుకుందాం. అది మనదే కావాలంటున్నాను, ఎందుకంటే ఇక్కడ ఏడాది పొడుగునా టైము మారదు. మీ దగ్గరా, మెల్‌బోర్న్‌లో తమ్ముడి దగ్గరా ఏడాదికి రెండుసార్లు గంట జరుపుతారు.

ఆదివారం పొద్దున 8:30 అనుకుందాం. వేసవిలో నీకు శనివారం రాత్రి 10, చలికాలంలో 9. తమ్ముడికి ఆదివారం మధ్యాహ్నం 1, వాళ్ల వేసవిలో 2. ఇక్కడ రాత్రి 8:30కి పెడితే నీకు హాయిగా పొద్దున 10 అవుతుంది కానీ, వాడికి అర్ధరాత్రి దాటి ఒంటిగంట, తెల్లారితే సోమవారం ఆఫీసు. నిద్ర చెడేది ఎవరికీ లేకుండా చూస్తే పొద్దుటి వేళే మిగిలింది.

గంట మారే వారాల్లోనే పొరపాటు జరుగుతుంది. మీకు మార్చిలో రెండో ఆదివారం, నవంబరులో మొదటి ఆదివారం, తెల్లవారుజామున 2కి మారుతుంది. మన ఆట దానికి ముందు రాత్రే అయిపోతుంది కాబట్టి, నీకు తేడా తెలిసేది పై వారమే. తమ్ముడికి అలా కాదు. అక్టోబరు, ఏప్రిల్ మొదటి ఆదివారాల్లో తెల్లవారుజామున మారితే, ఆ మధ్యాహ్నం ఆటకే తేడా వచ్చేస్తుంది. గూగుల్ క్యాలెండర్‌లో ఈ ఆటను భారత కాలమానంలో పెట్టి పంపుతాను. మీ ఫోన్లు వాటంతటవే సరైన గంట చూపిస్తాయి.

ఇక ఆట. యాప్‌లో లూడో కంటే అష్టాచెమ్మాయే ఆడదాం. నాయనమ్మకు నేర్పాల్సిన పని లేదు, తనే మనకు నేర్పింది. ఎవరింట్లో వాళ్లు అయిదు వరసల్లో ఇరవై అయిదు గళ్లు గీసుకుని, నాలుగు గవ్వలు పళ్లెంలో పెట్టుకోవాలి. ఒకరి కాయ కదిలితే మిగతా రెండు పటాల మీదా అలాగే కదపాలి. చిక్కంతా ఇక్కడే. ఎవరో ఒకరు ఒక గడి తక్కువ జరుపుతారు, నాలుగు ఎత్తులయ్యాక చంపిన కాయ ఇంకో ఇంట్లో బతికే ఉంటుంది. అందుకే ఎవరి కాయనైనా వాళ్ల సొంత గడి నుంచి లెక్కపెట్టి "నా ఎర్రది ఏడులో ఉంది" అని పైకి చెప్పాలి. మూడిళ్లలోనూ ఏడు అన్నాకే తర్వాతి పందెం.

ఫోన్ వెనక కెమెరాను పళ్లెం పైకి పెట్టు. ముందు కెమెరా అయితే నీకు అద్దంలోలా తిరగబడి కనిపిస్తుంది, మాకేమో సరిగ్గా కనిపిస్తుంది. "ఎడమ గవ్వ" అని నువ్వంటే మేము కుడిదాన్ని చూస్తాం. గవ్వలు పడ్డాక చెయ్యి పక్కకు తీసి, ఎదుటివాళ్లు అంకె చెప్పేదాకా వాటిని ముట్టుకోవద్దు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా, మనింటి లెక్కే. ఒకటి పక్కకు ఒరిగి ఉంటే మళ్లీ వేద్దాం. పోయిన వేసవిలో దాని మీదే నువ్వూ చిన్నోడూ అరగంట వాదించుకున్నారు.

జూమ్ ఉచిత ఖాతాలో 40 నిమిషాలకే కాల్ తెగిపోతుంది. నాలుగేసి కాయలతో అంతలో పండించలేం, రెండేసి పెట్టుకుందాం. ఆట మిగిలిపోతే పటం ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతాను, వచ్చే ఆదివారం అక్కడినుంచే. డబ్బులు పెట్టే ఆట యాప్‌ల జోలికి మాత్రం వద్దు, మన రెండు రాష్ట్రాల్లోనూ వాటిపై నిషేధం ఉంది. పిల్లలు కూడా కూర్చుంటారు.

నీ దగ్గర గవ్వలు లేకపోతే చింతగింజలను ఒకవైపు అరగదీసి తెల్లగా చెయ్యి, అవీ చాలు. నాయనమ్మ తన గవ్వల డబ్బా అటక మీది నుంచి దింపించింది. నాలుగింటిలో ఒకటి విరిగింది. ఆ ఒక్కదాని కోసం నిన్న సూర్యలంక నుంచి తెప్పించుకుంది.