జీతం పెరిగినా పెరగని ఉప్పు

1923లో వైస్రాయ్ రీడింగ్ ఉప్పు పన్నును మణుగుకు రూపాయి పావలా నుంచి రెండున్నర రూపాయలకు పెంచాడు. ఇక్కడ మణుగు అంటే మన పాత పదకొండు కిలోల మణుగు కాదు, సుమారు 37 కిలోల ప్రభుత్వ మణుగు. శాసనసభ ఒప్పుకోకపోయినా తన ప్రత్యేకాధికారంతో అమలు చేశాడు. మరుసటి ఏడాదే పన్ను మళ్లీ రూపాయి పావలాకు దిగింది. ఈ పన్ను మీద అందరికీ ఉన్న ఫిర్యాదు ఒక్కటే: జమీందారు ఇంట్లో తలకు ఎంత ఉప్పు ఖర్చవుతుందో, కూలివాడి ఇంట్లోనూ ఇంచుమించు అంతే అవుతుంది. కాబట్టి ఇద్దరూ దాదాపు ఒకే పన్ను కడతారు.

ఆదాయం ఎంత మారినా ఒక వస్తువు కొనుగోలు ఎందుకు మారదో వివరించడానికి అర్థశాస్త్రంలో ఒక నమూనా ఉంది. దాని పేరు క్వాజీ లీనియర్ యుటిలిటీ. సూత్రం చిన్నదే: U = v(x) + y. ఇందులో x ఉప్పు, y మిగతా సరుకులన్నిటి మీదా పెట్టే డబ్బు. ఉప్పు ఇచ్చే తృప్తి కిలో కిలోకీ తగ్గుతుంది. మిగతా వాటి మీద పెట్టే ప్రతి రూపాయి మాత్రం ఎప్పుడూ ఒక రూపాయి తృప్తినే ఇస్తుంది. తగ్గేది ఒకటి, నిలకడగా ఉండేది ఒకటి. అసలు కీలకమంతా ఇక్కడే ఉంది.

ఊహకు ఒక కుటుంబాన్ని తీసుకుందాం. నెలలో మొదటి కిలో ఉప్పు లేకపోతే కూర నోట పెట్టలేరు కనుక, దానికి 300 రూపాయలైనా ఇవ్వడానికి సిద్ధం. రెండో కిలో విలువ వాళ్లకు 80 రూపాయలు. మూడోది 15 మాత్రమే. కిలో ధర 25. రెండో కిలో కొంటే 25 పోసి 80 విలువ పొందుతారు, కొంటారు. మూడోదానికి 25 ఇచ్చి 15 విలువ తెచ్చుకోవడం నష్టం, కనుక ఆగిపోతారు.

ఇప్పుడు ఆ ఇంటి ఆదాయం 15 వేల నుంచి లక్షకు పెరిగిందనుకుందాం. మూడో కిలో విలువ ఇప్పటికీ 15 రూపాయలే. దానికి పెట్టే 25 రూపాయలను ఇంకోదాని మీద పెడితే ఇప్పటికీ 25 రూపాయల తృప్తే వస్తుంది. లెక్కలో ఏ అంకే మారలేదు. అందుకే కొనేదీ రెండు కిలోలే, పెరిగిన 85 వేలూ మిగతా వాటిలోకే వెళతాయి. ధర 10కి పడిపోతే మాత్రం మూడో కిలో కూడా సంచిలోకి వస్తుంది. ఈ నమూనాలో కొనుగోలును కదిలించేది ధరే.

రూపాయి విలువ మారదన్న ఊహను ఆల్ఫ్రెడ్ మార్షల్ 1890లో వచ్చిన తన గ్రంథంలో వాడాడు. ఇంటి ఖర్చులో చిన్న వాటా ఉన్న సరుకులకు అది బాగా సరిపోతుంది. పాలకో, ఇంటి అద్దెకో పనికిరాదు. నాలుగు డబ్బులు చేతికి రాగానే పాల పొదుపు ఆగిపోతుంది, ఇరుకు గది వదిలి పెద్ద ఇల్లు చూస్తారు. ఉప్పులోనూ ఒక చిక్కుంది. ఆదాయం పెరిగిన ఇల్లు కిలోలు పెంచకపోయినా ఖరీదైన గులాబి ఉప్పుకు మారవచ్చు. అప్పుడు ఖర్చు పెరుగుతుంది, బరువు పెరగదు. కనుక పరీక్షించేవాళ్లు బిల్లు మొత్తాన్ని కాకుండా తూకాన్ని చూడాలి. వేర్వేరు ఆదాయాల ఇళ్లలో, ఒకే ధర దగ్గర, తలకు ఎంత తూగుతుందో పోల్చాలి.

మరీ పేదరికంలోనూ ఈ నమూనా విరిగిపోతుంది. చేతిలో 40 రూపాయలే ఉన్న మనిషి రెండో కిలో కావాలనుకున్నా ఒక్క కిలోతోనే వెనుదిరుగుతాడు. అతనికి ఇంకో పది దొరికితే రెండోదీ కొంటాడు. ఆ హద్దు దాటేదాకా ఆదాయం మాట చెల్లుతూనే ఉంటుంది.

ఇక పన్ను సంగతి. కిలో ధర 25 నుంచి 50కి చేరినా మన కుటుంబం రెండు కిలోలే కొంటుంది, ఎందుకంటే రెండో కిలో విలువ 80. నష్టం నెలకు 50 రూపాయలు. ఆదాయం 15 వేలైనా లక్షైనా నష్టం అంతే. ఆ 50 తిరిగి ఇచ్చేస్తే కుటుంబం పూర్వస్థితికి వస్తుంది. లెక్క ఇంత శుభ్రంగా తేలడమే ఈ నమూనా ఆకర్షణ. అయితే ఆ 50 పేద ఇంటి ఆదాయంలో మూడు వందల్లో ఒక వంతు, ధనిక ఇంటి ఆదాయంలో రెండు వేలల్లో ఒక వంతు. ఎవరికైనా రూపాయి రూపాయే అనుకుని మొదలైన లెక్క ఈ తేడాను చూడలేదు. ఎంత కొంటారో చెప్పడానికి దాన్ని నమ్మవచ్చు, ఎవరికి ఎంత బాధో తేల్చడానికి నమ్మకూడదు. 1930లో గాంధీ ఉప్పు పన్నును ఎంచుకోవడానికి ఉన్న కారణాల్లో సరిగ్గా ఈ భారం ఒకటి. చివరికి 1947లో ఆ పన్ను రద్దయింది.