ఏఎంహెచ్ రిపోర్టు: చెప్పేదేమిటి, చెప్పలేనిదేమిటి

ఏఎంహెచ్ అండాశయంలోని చిన్న ఫాలికల్స్ నుంచి రక్తంలోకి వచ్చే హార్మోను. అండాన్ని పొదువుకుని ఉండే సంచిని ఫాలికల్ అంటారు. ఆడపిల్ల పుట్టేనాటికి అండాశయాల్లో సుమారు 10 నుంచి 20 లక్షల అండాలుంటాయి. రజస్వల అయ్యేసరికి 3, 4 లక్షలు మిగులుతాయి. వీటిలో చాలావరకు నిద్రాణంగా ఉంటాయి, ఏ రక్తపరీక్షకూ అందవు. ఎప్పటికప్పుడు కొన్ని మేల్కొని ఎదగడం మొదలుపెడతాయి. ఏఎంహెచ్ వచ్చేది వాటి నుంచే. కాబట్టి ఈ పరీక్ష గాదెలోని గింజలను లెక్కపెట్టదు, బయటికి తీసిన గింజలను చూసి లోపల ఎన్ని ఉంటాయో అంచనా కడుతుంది.

ఇదే అంచనాకు మరో రెండు దారులున్నాయి. నెలసరి మొదటి రోజుల్లో యోని ద్వారా స్కానింగ్ చేసి, రెండు అండాశయాల్లోనూ 2 నుంచి 10 మిల్లీమీటర్ల ఫాలికల్స్ ఎన్ని ఉన్నాయో లెక్కిస్తారు. రెండోది ఎఫ్‌ఎస్‌హెచ్ రక్తపరీక్ష. అండాశయం మందగిస్తే దాన్ని కదిలించడానికి మెదడు కింది పిట్యూటరీ గ్రంథి ఈ హార్మోనును ఎక్కువగా వదులుతుంది. అయితే అదే రోజు ఈస్ట్రడయాల్ ఎక్కువగా ఉంటే అది ఎఫ్‌ఎస్‌హెచ్‌ను అణిచివేస్తుంది, రిపోర్టు మామూలుగానే కనిపిస్తుంది. అందుకే రెండూ కలిపి చూడాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 31 ఏళ్ల స్త్రీకి నెలసరి క్రమంగా వస్తోంది. పిల్లల కోసం ప్రయత్నం మొదలుపెట్టి నాలుగు నెలలైంది. ఏఎంహెచ్ మిల్లీలీటరుకు 0.6 నానోగ్రాములని తేలింది. ఆ వయసుకు ఇది తక్కువే. ‘ఎగ్స్ అయిపోతున్నాయి, ఇక ఆలస్యం చేయకూడదు’ అన్న మాట ఆమెకు ఇంటా బయటా వినబడుతుంది. ఆ భయానికి ఈ అంకె ఆధారం కాదు. సహజంగా గర్భం రావడానికి నెలకు ఒక్క అండం విడుదలైతే చాలు. ఎదిగే ఫాలికల్స్ ఆరున్నా పాతికున్నా, మామూలుగా విడుదలయ్యేది ఒకటే. మిగిలినవి ఆ నెలలోనే కరిగిపోతాయి.

ఈ సంగతిని అమెరికాలోని నార్త్ కరోలినాలో నేరుగా పరీక్షించారు. సంతానలేమి చరిత్ర లేకుండా, అప్పుడప్పుడే ప్రయత్నం మొదలుపెట్టిన 30 నుంచి 44 ఏళ్ల స్త్రీలు 750 మంది అందులో పాల్గొన్నారు. ఏఎంహెచ్ 0.7 కంటే తక్కువున్న వారిలో ఆరు నెలసరి చక్రాల్లో గర్భం దాల్చే అవకాశం 65 శాతం, మామూలుగా ఉన్నవారిలో 62 శాతం అని లెక్క తేలింది. ఆ తేడా లెక్కలోకి వచ్చేది కాదు. ఎఫ్‌ఎస్‌హెచ్ ఎక్కువున్న వారి సంగతీ అంతే. 2017లో వెలువడిన ఈ ఫలితాల తర్వాత, 2019లో అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం కూడా సంతాన సమస్య లేని స్త్రీలకు ఏఎంహెచ్ చూసి భవిష్యత్తు చెప్పవద్దని సూచించింది.

అండం నాణ్యత మరో విషయం. వయసు పెరిగేకొద్దీ అండాల్లో క్రోమోజోముల లెక్క తప్పడం ఎక్కువవుతుంది. గర్భం నిలవకపోవడానికి, గర్భస్రావానికి అదొక పెద్ద కారణం. ఏఎంహెచ్ దాన్ని కొలవదు. 42 ఏళ్ల స్త్రీకి ఏఎంహెచ్ 3 వచ్చినా ఆమె అండాల వయసు 42 ఏళ్లే. ‘రిపోర్టు బాగుంది కదా’ అని ఆగేవారు నష్టపోయేది ఇక్కడే. తక్కువ అంకె పుట్టించే భయం కంటే ఎక్కువ అంకె ఇచ్చే ఈ ధీమా మరింత ప్రమాదకరం.

ఈ పరీక్ష నిజంగా పనికొచ్చేది ఐవీఎఫ్‌లో. అక్కడ ఇంజెక్షన్లతో ఒకేసారి ఎన్నో ఫాలికల్స్‌ను పెంచాలి, కాబట్టి ఎన్ని ఎదగగలవో ముందుగా తెలియాలి. పై ఉదాహరణలోని స్త్రీ ఐవీఎఫ్‌కు వెళితే కొద్ది అండాలే చేతికి రావచ్చు. ఏఎంహెచ్ బాగా ఎక్కువున్నవారికి మందు మోతాదు తగ్గిస్తారు. లేకపోతే అండాశయాలు అతిగా ఉబ్బి, పొట్టలో నీరు చేరే ప్రమాదం ఉంటుంది.

అంకెను నమ్మేముందు దాని వెనుక ఏముందో చూడాలి. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే ఏఎంహెచ్ తగ్గి కనిపిస్తుంది, ఆపిన కొన్ని నెలలకు మళ్లీ పెరుగుతుంది. పీసీఓఎస్ ఉంటే చాలా ఎక్కువ వస్తుంది, అయినా అండం సరిగా విడుదల కాకపోవచ్చు. కొన్ని ల్యాబులు ఫలితాన్ని పికోమోల్స్‌లో ఇస్తాయి. నానోగ్రాముల్లోని 1 అక్కడ సుమారు 7 అవుతుంది. ప్రమాణం చూడకుండా రెండు రిపోర్టులను పక్కపక్కన పెడితే, హార్మోను పెరిగిందనో పడిపోయిందనో పొరబడతారు.

ఫెలోపియన్ నాళాలు తెరుచుకుని ఉన్నాయో లేదో, భర్త వీర్యకణాలు సరిపడా ఉన్నాయో లేదో కూడా ఏఎంహెచ్ చెప్పదు. వాటికి వేరే పరీక్షలున్నాయి. 35 ఏళ్లలోపు స్త్రీ ఏడాది ప్రయత్నించినా, 35 దాటిన స్త్రీ ఆరు నెలలు ప్రయత్నించినా గర్భం రాకపోతే దంపతులిద్దరికీ ఆ పరీక్షలు మొదలుపెడతారు. నెలసరి క్రమం తప్పినవారు అంతకాలం ఆగనక్కర్లేదు.